సెలూన్ నడిపే పద్ధతి - 4వ పాఠం: ఆదివారం రద్దీ

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను: ఒక ఆదివారం నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి కస్టమర్ పేరు పక్కన మూడు టైములు రాయమని. వచ్చింది, కుర్చీలో కూర్చుంది, లేచింది. ఈ పాఠానికి ఆ పేజీయే పుస్తకం. మీది చేతిలో ఉంచుకోండి, నేను మా షాపు పేజీ చూపిస్తాను.

మాది మూడు కుర్చీలు, ముగ్గురు మాస్టర్లు. మంగళవారం షాపు మూత, ఆదివారం జాతర. ఆ పేజీలో సగటున ఒక్కొక్కరికి 35 నిమిషాలు పట్టింది, మెడ దులిపి కుర్చీ తుడిచే టైముతో కలిపి. 8 నుంచి 9 లోపు వచ్చింది ఇద్దరు. 9 నుంచి 11 లోపు 16 మంది. ఆ రెండు గంటల్లో మూడు కుర్చీలకు ఉన్నది 360 నిమిషాలు, అంటే పదిమందికి సరిపోతుంది. 11 అయ్యేసరికి ఆరుగురు బెంచీ మీద మిగిలారు. ఆ తర్వాత వచ్చినవాడి ముందు కుర్చీకి ఇద్దరు చొప్పున ఉన్నారు కాబట్టి 70 నిమిషాలు, కుర్చీలో ఉన్నవాళ్లు లేచేదాకా ఇంకాస్త. మనం మాత్రం 'ఐదు నిమిషాలు కూర్చో అన్నా' అంటాం.

అందరూ 9 తర్వాతే ఎందుకొస్తారు? కటింగ్ అయ్యాక తలస్నానం చేయనిదే ఇంట్లోకి రానివ్వరు. అందుకే స్నానం, టిఫిన్ వాయిదా వేసుకుని వస్తారు. మధ్యాహ్నం 12కి రమ్మంటే పెద్దవాళ్లు రారు, రెండోసారి స్నానం ఎవరు చేస్తారు? కానీ 8కి రమ్మంటే వస్తారు, రాగానే కుర్చీ దొరుకుతుందన్న నమ్మకం ఉంటే. 12 తర్వాత టైము అప్పుడే నిద్రలేచే కాలేజీ కుర్రాళ్లకి.

కాబట్టి మొదటి మార్పు: శనివారం సాయంత్రం మీ పాత కస్టమర్లలో పెద్దవాళ్లకి ఫోన్ చేయండి. 'బాబాయ్ గారూ, రేపు 8కి వచ్చేయండి, మీ కుర్చీ ఆపి ఉంచుతాను.' 8 నుంచి 9 దాకా మూడు కుర్చీలూ ఫోన్‌లో చెప్పినవాళ్లకే. ఆ గంటలో ఐదుగురు పడతారు. మాకు అప్పటికే ఇద్దరు వస్తున్నారు కాబట్టి రద్దీలోంచి ముగ్గురు తగ్గారు. 16 కాస్తా 13 అయింది.

రెండోది రంగు. మా పేజీలో ఆ రెండు గంటల్లో ఇద్దరు డై వేయించుకున్నారు. డై పట్టించడానికి పది నిమిషాలు, ఆరడానికి అరగంట. ఆ అరగంటా పెద్దమనిషి కుర్చీలోనే పేపర్ చదువుతూ కూర్చున్నాడు, మాస్టర్ గోడకి ఆనుకుని ఫోన్ చూశాడు. ఇప్పుడు వాష్‌బేసిన్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాం. మెడకు గుడ్డ అలాగే ఉంచి అక్కడికి మారుస్తాం. ఇద్దరికీ కలిపి గంట కుర్చీ మిగిలింది, పదిమంది పట్టేచోట దాదాపు పన్నెండుమంది పట్టారు. కొత్త కుర్చీ కొనలేదు, కొత్త మాస్టర్‌ని పెట్టలేదు.

9 తర్వాత ఒక్క కుర్చీయే ఫోన్ వాళ్లకి, 40 నిమిషాలకొకరు. మిగతా రెండూ నడిచొచ్చినవాళ్లకి. మొదట్లో నేను మూడూ బుకింగ్‌కి ఇచ్చేశాను, అది తప్పు. పదేళ్లుగా ఫోన్ చేయకుండా వస్తున్న మనిషికి 'ఈరోజు ఖాళీ లేదు' అని చెప్పాల్సొచ్చింది. ఆయన కోప్పడలేదు, నవ్వి వెళ్లిపోయాడు. రెండు నెలలు రాలేదు.

టోకెన్ మీద నంబర్ ఒక్కటే కాదు, టైము కూడా రాయండి. '10:40' అని రాసిస్తే ఆయన చికెన్ షాపు పని చూసుకొస్తాడు. లెక్క తేలికే: ముందున్నవాళ్లను రెండు కుర్చీలతో భాగించి, 35తో గుణించి, పది నిమిషాలు కలపండి. ఆ పదీ కలపకపోతే మొదటి వారమే మాట పోతుంది. నాకు ఫలానా మాస్టరే కావాలి అనేవాళ్లకు భాగించకుండా ఆ మాస్టర్ వరసే లెక్కపెట్టి చెప్పండి.

అసలు ఇబ్బంది ఇక్కడొస్తుంది. పాత కస్టమర్ ఫోన్ చేయకుండా 10కి వచ్చి 'ఒక్క షేవింగే కదరా' అంటాడు. దూరిస్తే బెంచీ మీద ఉన్న నలుగురూ చూస్తారు. నేను దూర్చను, 'మీది 10:50 అన్నా, వచ్చే వారం శనివారం నేనే ఫోన్ చేస్తా' అంటాను, చేస్తాను కూడా. ఫోన్ చేసిన మనిషి పది నిమిషాలు ఆలస్యమైతే నడిచొచ్చిన వారిని కూర్చోబెట్టి, ఆయనకి తర్వాత ఖాళీ అయిన కుర్చీ ఇస్తాం. ఇందులో మా బావమరిదికీ మినహాయింపు లేదు.

వచ్చే పాఠానికి పని: నాలుగు ఆదివారాలు, తలుపు దాకా వచ్చి బెంచీ చూసి వెనక్కి తిరిగినవాళ్లకి ఒక్కొక్క గీత గీయండి. పాత కస్టమర్ల లిస్టులో ఆరు వారాలు దాటినా రానివాళ్ల పేర్ల కింద ఎర్ర గీత పెట్టండి. ఆ పేర్లతోనే 5వ పాఠం మొదలుపెడదాం.