గల్ఫ్ గదిలో మొదటి వేసవి: డిస్పెన్సర్ నీళ్లు చల్లబడకపోతే

సోంపేట, కంచిలి, కవిటి వైపు నుంచి ఏటా ఎందరో కుర్రవాళ్లు వెల్డింగు, ఫిట్టింగు పనులకు గల్ఫ్ వెళ్తున్నారు. నేను కువైట్‌లో ఏసీలు, ఫ్రిజ్‌ల మరమ్మతు పని చేసి తిరిగి వచ్చాను. ఇప్పుడు పలాసలో అదే పని చేసుకుంటున్నాను. అక్కడి నుంచి వచ్చే ఫోన్లలో, ముఖ్యంగా మే నెల దాటాక, ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: "అన్నా, గదిలో డిస్పెన్సర్ పాడైనట్టుంది, నీళ్లు చల్లగా రావడం లేదు. కొత్తది కొనాలా?" చాలాసార్లు ఆ యంత్రం పాడవలేదు. అది ఏ రకానిదో తెలియక డబ్బు ఖర్చు పెడుతున్నారు.

తల మీద నీళ్ల బాటిల్ బోర్లించే డిస్పెన్సర్లు రెండు రకాలు. ఒకదానిలో ఫ్రిజ్‌లో ఉన్నట్టే కంప్రెసర్, గ్యాసు ఉంటాయి. రెండోది ఎలక్ట్రానిక్ కూలింగ్. అందులో గ్యాసు ఉండదు. అగ్గిపెట్టెంత వెడల్పున్న పలుచని పలక ఒకటి ఉంటుంది. దాన్ని పెల్టియర్ అంటారు. కరెంటు పారినప్పుడు దాని ఒక ముఖం చల్లబడుతుంది, రెండో ముఖం వేడెక్కుతుంది. చల్లని ముఖం నీళ్ల ట్యాంకుకు ఆని ఉంటుంది. వేడి ముఖానికి అల్యూమినియం రెక్కలు, వాటి మీద చిన్న ఫ్యాను ఉంటాయి.

మీ గదిలో ఉన్నది ఏ రకమో వెనకనున్న రేకు మీద చూడండి. గ్యాసు పేరు ఆర్ 134ఎ అనో ఆర్ 600ఎ అనో రాసి ఉంటే అది కంప్రెసర్‌ది. గ్యాసు మాటే లేకపోతే ఎలక్ట్రానిక్. రేకు చిరిగిపోతే ఎత్తి చూడండి: కంప్రెసర్ ఉన్నది అడుగున బరువుగా ఉంటుంది, వెనక నల్లని జాలీ కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్‌ది తేలిక, వెనక ఫ్యాను గాలి తగులుతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మన ఇంటి కుండ చెబుతుంది. సముద్రపు తేమగాలి వీచే రోజున కుండలో నీళ్లు అంతగా చల్లబడవు, పొడిగాలి ఉన్న రోజున చల్లగా ఉంటాయి. కుండకు గాలిలోని తేమ ఎంత ముఖ్యమో, ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్‌కు గది వేడి అంత ముఖ్యం. అది గది ఉష్ణోగ్రత కంటే సుమారు 12 నుంచి 15 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. కంప్రెసర్‌ది ఎండ వేళ కూడా నీటిని 10 డిగ్రీల దగ్గరకు తేగలదు.

కువైట్‌లోని ఫర్వానియాలో ఆరుగురు ఉండే ఒక గదికి నన్ను పిలిచారు. ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్, కొని నాలుగు నెలలయింది. ఉదయం ఏసీ నడుస్తున్నప్పుడు గది 25 డిగ్రీలు, నీళ్లు 12. అంతా బాగుంది. పగలు అందరూ పనికి పోతూ ఏసీ ఆపేస్తున్నారు. సాయంత్రం నేను కొలిచినప్పుడు గది 37, నీళ్లు 23. అంటే యంత్రం తన పని తాను సరిగ్గానే చేస్తోంది. పైగా వచ్చిన వెంటనే ఆరుగురూ తలా అర లీటరు తాగుతారు. అది మూడు లీటర్లు. ఆ యంత్రం గంటకు చల్లబరచగలిగేది లీటరు లోపే, ట్యాంకు కూడా చిన్నది. మొదటి ఇద్దరికి కాస్త చల్లని నీళ్లు, మిగతావారికి బాటిల్లోని నీళ్లు వచ్చాయి. అక్కడ మరమ్మతు చేయడానికి ఏమీ లేదు. గదిలో ఒకరిద్దరే ఉంటే ఎలక్ట్రానిక్‌ది చాలు. నలుగురు దాటితే, ఖరీదు ఎక్కువైనా, అందరూ కలిసి కంప్రెసర్‌దే కొనండి. అది గంటకు సుమారు రెండు లీటర్లు చల్లబరుస్తుంది.

నిజంగా పాడైనప్పుడు గుర్తులు వేరుగా ఉంటాయి. ముందు వెనకనున్న స్విచ్‌లు చూడండి. సాధారణంగా ఎరుపుది వేడి నీళ్లకు, ఆకుపచ్చది చల్లని నీళ్లకు. చలికాలంలో ఎవరో ఆకుపచ్చది ఆపేసి మరిచిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎలక్ట్రానిక్‌దానిలో ఆ తర్వాత ఫ్యాను చూడాలి. అది తిరగకపోతే వేడి ముఖం చల్లారదు, నీళ్లూ చల్లబడవు. ప్లగ్ తీసి, రెక్కల మధ్య ఇరుక్కున్న దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపండి. అక్కడి ఇసుక గాలులకు రెండు నెలల్లోనే అవి మూసుకుపోతాయి. ఫ్యాను తిరుగుతున్నా వెనక నుంచి వెచ్చని గాలి రాకపోతే పలకో, దానికి కరెంటిచ్చే బోర్డో పోయినట్టు.

కంప్రెసర్‌దానిలో చెవి పెట్టి వినాలి. టిక్కుమని మొదలై కొన్ని క్షణాల్లో ఆగి, మళ్లీ కొన్ని నిమిషాలకు టిక్కుమంటే రిలే, ఓవర్‌లోడ్ వంటి చిన్న భాగాల మీద అనుమానం. ఆగకుండా నడుస్తూ వెనక జాలీ వెచ్చబడకపోతే గ్యాసు కారిపోయిందని అనుమానించాలి. ఆ పని మెకానిక్‌దే. ఆర్ 600ఎ మండే గ్యాసు, మీరు విప్పవద్దు. గది మారినప్పుడు పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే ప్లగ్ పెట్టండి. గోడకు జానెడు దూరం ఉంచండి.

ఇక శుభ్రం చేయడం. బాటిల్‌లోంచి నీళ్లు దిగినప్పుడల్లా అంతే గాలి గుడగుడమంటూ లోపలికి పోతుంది. గదిలోని దుమ్ము, వంట పొగ ఆ గాలితోపాటు ట్యాంకులో చేరతాయి. రెండు మూడు నెలలకు లోపల వేలు పెడితే జిగట తగులుతుంది. అప్పటిదాకా ఆగవద్దు.

ప్లగ్ తీసి, వేడి నీళ్లు పూర్తిగా చల్లారనివ్వండి. బాటిల్ దించి, రెండు కుళాయిల నుంచి, వెనక అడుగునున్న మూత నుంచి నీళ్లన్నీ వదిలేయండి. బాటిల్ కూర్చునే గిన్నెను పైకి లాగితే ట్యాంకు కనిపిస్తుంది. చాలా రకాల్లో ట్యాంకు లోపల బిళ్లలాంటి ప్లాస్టిక్ పలక, దాని మధ్య గొట్టం ఉంటాయి. అది ఎటువైపు ఎలా ఉందో తీసే ముందే ఫోనులో ఫోటో తీసుకోండి. నాలుగు లీటర్ల నీటిలో సువాసన లేని బట్టల బ్లీచ్ ఒక పెద్ద చెంచా కలపండి. ఆ నీళ్లతో ట్యాంకును మెత్తని బ్రష్‌తో రుద్ది, అయిదు నిమిషాలు దాటకుండా వదిలేయండి. ఎక్కువసేపు ఉంచితే స్టీలు పాడవుతుంది. తర్వాత వాసన పోయేదాకా మూడు నాలుగుసార్లు మంచినీళ్లు నింపి, అన్ని దారుల నుంచీ వదలండి. వేడి ట్యాంకులో తెల్లటి పొర కట్టి ఉంటే వెనిగర్‌తో వేరే రోజున చేయండి. బ్లీచ్, వెనిగర్ కలిస్తే విషవాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణాపాయం.

ఇప్పుడు ఆ బిళ్ల సంగతి. బాటిల్ నుంచి దిగి పైనున్న గోరువెచ్చని నీళ్లు, కింద చల్లబడిన నీళ్లు కలవకుండా అది అడ్డుగా ఉంటుంది. శుభ్రం చేశాక దాన్ని పక్కన పెట్టి మరిచిపోతే, లేదా తిరగేసి పెడితే, బాటిల్‌లోని గోరువెచ్చని నీళ్లు నేరుగా కుళాయికి వచ్చేస్తాయి. శుభ్రం చేసిన మర్నాడే "కంప్రెసర్ పోయింది" అని నన్ను పిలిచిన ఒక గదిలో ఆ బిళ్ల వంటగట్టు మీద గిన్నెల మధ్య దొరికింది. పెట్టిన గంటన్నరకు నీళ్లు చల్లబడ్డాయి.

అంతా బిగించాక బాటిల్ మెడను తుడిచి బోర్లించండి. వేడి కుళాయి నుంచి నీళ్లు ధారగా వచ్చేదాకా ఎరుపు స్విచ్ వేయవద్దు, ఖాళీ ట్యాంకులో హీటర్ కాలిపోతుంది. చల్లని నీళ్ల కోసం గంటయినా ఆగి, అప్పుడు గ్లాసు పట్టి చూడండి.