వేడినీటి బుగ్గల నేల మీద కాలు పెట్టే ముందు

గీజర్ అనగానే స్నానాల గదిలో గోడకు వేలాడే డబ్బా గుర్తొస్తుంది. నిజానికి ఆ పేరు ఐస్‌లాండ్‌లో వేడినీటిని ఆగి ఆగి పైకి చిమ్మే గేసిర్ అనే ఊట నుంచి వచ్చింది. అక్కడికో, అమెరికాలోని ఎల్లోస్టోన్‌కో వెళ్లేవాళ్లు పైకి ఎగజిమ్మే నీటిని చూసి భయపడతారు. నాకు మాత్రం కాళ్ల కింద ఉండే నేలంటేనే ఎక్కువ భయం. అది మామూలు నేల కాదు, ఊట తనచుట్టూ తానే పేర్చుకున్న పెచ్చు. ఆ పెచ్చు దేంతో తయారైందో గుర్తుపట్టగలిగితే కింద ఏముందో చాలావరకు చెప్పేయవచ్చు. ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.

ముందు తెల్లగా, బూడిద రంగులో కనిపించే గట్టి పెచ్చు సంగతి. దీన్ని సింటర్ అంటారు. గాజులో ఉండే సిలికానే ఇందులోనూ ఉంటుంది. వాన నీరు, మంచు కరిగిన నీరు లోతుకు ఇంకి, వేడి రాళ్ల మధ్య దాదాపు 200 డిగ్రీలకు చేరినప్పుడు రాయిలోని సిలికాను బాగా కరిగించుకుంటుంది. పైకి వచ్చి చల్లబడ్డాక అంత సిలికాను మోయలేదు. అందుకే గుంట అంచున దాన్ని వదిలేస్తుంది. అంటే సింటర్ కనిపించిన చోట అడుగున బాగా వేడి నీరు ఉందని, లేదా ఒకప్పుడు ఉండేదని అర్థం.

ఈ పెచ్చు పెరిగే తీరులోనే ప్రమాదం ఉంది. నీరు త్వరగా చల్లారి ఆవిరయ్యేది గుంట అంచున, నీటి మట్టం దగ్గర. సిలికా కూడా ముందు అక్కడే పేరుకుంటుంది. దాంతో అంచు ఇంటి చూరులాగా నీటి మీదికి పెరుగుతూ పోతుంది. పై నుంచి చూస్తే గట్టి రాతి గట్టులా ఉంటుంది. దాని కింద మరిగే నీరు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. కొన్నిచోట్ల ఆ పొర మందం మనిషి బరువుకు చాలదు. గుంటకు దూరంగా నిలబడ్డాం కదా అనుకున్నా లాభం లేదు, పాత గుంట మీద పెచ్చు పూర్తిగా మూసుకుపోయి ఉండవచ్చు. జంతువుల అడుగుజాడలు కనిపించాయని ధైర్యం చేయకండి, అవి కూడా పెచ్చు విరిగి పడి చచ్చిపోతుంటాయి. చెక్క నడకదారి ఉన్నచోట దాని మీదే నడవాలి. చిన్నపిల్లల చేయి వదలకూడదు. ఫోటో కోసం వెనక్కి అడుగులు వేయడం ఇక్కడ పనికిరాదు.

అదే పెచ్చు మెట్లు మెట్లుగా, గిన్నెలు పేర్చినట్టు కనిపిస్తే అది ట్రావర్టైన్ కావచ్చు. ఇది సున్నపురాయి గుండా వచ్చిన నీటి పని. కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోగానే నీరు కాల్షియం కార్బొనేట్‌ను వదిలేస్తుంది. ఇది సింటర్ కంటే చాలా వేగంగా పెరుగుతుంది, మెత్తగా కూడా ఉంటుంది. మామూలుగా ఇక్కడి నీరు మరిగేంత వేడిగా ఉండదు, గీజర్లు కూడా అరుదు. అలాగని చేయి పెట్టి చూడదగ్గ వేడి మాత్రం కాదు.

ఇక్కడే రంగుల గురించి ఒక మాట. ఊట చుట్టూ నారింజ, పసుపు, గోధుమ రంగు చారలన్నీ ఖనిజాలే అనుకుంటారు. వాటిలో చాలావరకు వేడిలో బతికే సూక్ష్మజీవుల పొరలే. ఎండను వాడుకుని బతికే జీవులు సుమారు 73 డిగ్రీలు దాటితే ఉండలేవు కాబట్టి నీలంగా, తేటగా ఉన్న నడిమి భాగం అంతకంటే వేడిగా ఉండే అవకాశం ఎక్కువ. నారింజ రంగు కనిపించిన చోట చల్లగా ఉందనుకోవద్దు. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చేస్తుంది.

ఫ్యూమరోల్ అంటే నీరు చాలక ఆవిరి, వాయువులు మాత్రమే వచ్చే బిలం. దాని నోటి దగ్గర సూదుల్లాంటి పసుపు స్ఫటికాలు కనిపిస్తే అది గంధకం. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి తగిలి అలా మారుతుంది. అదే వాయువు నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా పుడుతుంది. ఆ ఆమ్లం రాయిని తినేసి తెల్లటి బంకమట్టిగా మారుస్తుంది. కాబట్టి పసుపు గంధకం, చుట్టూ తెలుపో గులాబీయో రంగు మట్టి కలిసి కనిపిస్తే అక్కడ రాయి మిగల్లేదని, అడుగు దిగబడుతుందని అనుకోవాలి. వాసన ఆగిపోయిందని ఊరట పడకండి. మోతాదు ఎక్కువైతే ఈ వాయువు వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. తల తిరిగినా కళ్లు మండినా గాలి వచ్చే వైపుకు, ఎత్తుకు నడవాలి. పల్లంలో కూర్చోకూడదు, ఈ వాయువు, కార్బన్ డయాక్సైడ్ రెండూ గాలి కంటే బరువైనవి.

మంచు కాలంలో ఇంకో ముప్పు ఉంది. బిలం మీద మంచు పైకప్పులా నిలుస్తుంది, లోపల వేడికి కింది భాగం కరిగి డొల్ల అవుతుంది. 2006 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని మామత్ మౌంటెన్ మీద అలాంటి చోటుకు కంచె వేస్తుండగా మంచు కూలి స్కీ రక్షక సిబ్బంది ఇద్దరు లోపల పడ్డారు, వాళ్లను కాపాడబోయిన మరొకరితో కలిపి ముగ్గురు చనిపోయారు. లోపల కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంది.

గీజర్ విషయానికొస్తే, దానికి వేడితో పాటు ఇరుకైన గొట్టం కావాలి. పైనున్న నీటి బరువు వల్ల అడుగు నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. పైన కొంచెం నీరు పొర్లిపోగానే బరువు తగ్గి, అడుగు నీరు ఒక్కసారిగా ఆవిరై మిగతాదాన్ని ఎగదోస్తుంది. గొట్టం గోడలకు పూతలా పట్టి ఒత్తిడిని నిలబెట్టేది సిలికానే. ఆ పూతే మరీ మందమైతే ఏమవుతుందో ఎల్లోస్టోన్‌లోని పోర్క్‌చాప్ గీజర్ చూపించింది. అది ఎప్పుడో ఒకసారి ఎగసే చిన్న గుంట. 1985 నుంచి ఆపకుండా చిమ్మడం మొదలుపెట్టింది. సన్నటి రంధ్రం నుంచి హోరుమనే శబ్దం. 1989 సెప్టెంబర్ 5న చిమ్మే ఎత్తు ఉన్నట్టుండి 6–9 మీటర్ల దాకా పెరిగింది, ఆ వెంటనే గీజరే పేలింది. రాళ్లు 60 మీటర్లకు పైగా ఎగిరి పడ్డాయి. చూస్తున్న కొద్దిమందికి అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. తర్వాత చూస్తే లోపలి గోడలకు సిలికా పూత దట్టంగా పట్టి ఉంది.

2024 జూలై 23న ఎల్లోస్టోన్‌లోనే బ్లాక్ డైమండ్ పూల్ అనే వేడినీటి గుంట పేలినప్పుడు నడకదారి చెక్కలు కూడా విరిగాయి. అంటే నడకదారి పెచ్చు నుంచి కాపాడుతుంది గానీ పేలుడు నుంచి కాదు. తేటగా ఉండే గుంట బురదగా మారినా, చిమ్మే ఎత్తు లేదా చప్పుడు హఠాత్తుగా పెరిగినా వీడియో తీస్తూ నిలబడకుండా దూరంగా వెళ్లి సిబ్బందికి చెప్పండి. కానీ ఏ సూచనా లేకుండా కూడా పేలవచ్చు. అందుకే దారి మూసేశారంటే వాదన పెట్టుకోవద్దు.

తుంపర పడితే కళ్లజోడు, కెమెరా అద్దం వెంటనే తుడుచుకోండి. ఆరనిస్తే సిలికా మచ్చ గాజుకు పట్టుకుని వదలదు.

ఎవరైనా నీటిలో పడితే వాళ్ల వెనకాల దూకకండి. 1981లో ఎల్లోస్టోన్‌లో ఒక యువకుడు గుంటలో పడ్డ కుక్క కోసం సుమారు 94 డిగ్రీల నీటిలోకి దూకి మర్నాడు చనిపోయాడు. గట్టు మీద నుంచే కర్రో తాడో అందించాలి, అదీ గట్టి నేల మీద నిలబడి. బయటికి తెచ్చాక తడి బట్టలు, బూట్లు, ఉంగరాలు తీసేయాలి. చర్మానికి అంటుకున్న గుడ్డను మాత్రం లాగకూడదు. ఆమ్లం ఉన్న నీరైతే ఇంకా ఆలస్యం చేయకూడదు. కాలిన చోట చల్లటి మంచినీళ్లు 20 నిమిషాలు పోస్తూ ఉండాలి. ఐస్ గానీ, పేస్టు గానీ వద్దు. మీ చుట్టూ నీళ్లున్నా ఇందుకు పనికొచ్చేవి ఒక్క చుక్క కూడా ఉండకపోవచ్చు. బ్యాగులో తాగడానికి కావలసినదానికంటే రెండు సీసాలు ఎక్కువ పెట్టుకోండి.