గ్లూకగాన్ కిట్, నాలుగో పాఠం: మింగలేని మనిషికి సూది

గత పాఠంలో షుగరు పడిపోయినా స్పృహలో ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించడం చూశాం. ఈసారి తాగించలేని మనిషికి, షుగరును పెంచే గ్లూకగాన్ సూది వేయడం చూద్దాం. పిలిస్తే పలకడు, లేదా మూర్ఛ వచ్చింది. నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కింటివారు తేనె నాకించమంటారు, చక్కెర బుగ్గలో పెట్టమంటారు. మర్యాదగా వద్దనండి.

మలక్‌పేటలోని ఒక ఫ్లాట్‌ను ఊహించుకోండి. ఇంటర్ చదివే అబ్బాయికి టైప్ 1 మధుమేహం. బరువు 52 కిలోలు. సాయంత్రం రెండు గంటలు క్రికెట్ ఆడాడు. అలసిపోయి రాత్రి సగం అన్నమే తిన్నాడు కానీ ఇన్సులిన్ మాత్రం రోజూ తీసుకునేంతే తీసుకున్నాడు. రాత్రి 2:10కి వింత గురక విని తల్లికి మెలకువ వచ్చింది. అబ్బాయి చొక్కా చెమటతో తడిసి ఉంది. తట్టినా లేవలేదు. మీటరులో 38 చూపించింది. మీటరు చేతికి అందకపోతే వెతుకుతూ కూర్చోవద్దు. షుగరు పడిపోలేదని తర్వాత తేలినా, ఒక్క డోసు గ్లూకగాన్‌తో సాధారణంగా పెద్ద హాని ఉండదు.

ఆమె ముందు కొడుకును పక్కకు తిప్పి పడుకోబెట్టింది, వాంతి అయితే గొంతుకు అడ్డం పడకుండా. తండ్రి 108కి ఫోను చేశాడు. ఇంట్లో మీరు ఒక్కరే ఉంటే సూది వేసిన వెంటనే ఫోను చేయండి. శ్వాస ఆగిపోయి ఉంటే మాత్రం ముందు ఫోను చేసి, వాళ్లు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక కిట్. డబ్బాలో చిన్న గాజు సీసా, అడుగున సుద్దముక్కలా 1 మిల్లీగ్రాము తెల్లటి పొడి. పక్కన 1 మిల్లీలీటరు నీటితో నింపిన సిరంజి. ఇన్సులిన్ సూదికి అలవాటు పడినవారు తరచూ పొరబడేది ఇక్కడే. సిరంజి నిండుగా కనబడగానే అదే మందనుకుని నేరుగా పొడిచేస్తారు. లోపలికి పోయేది వట్టి నీళ్లే, మందు సీసాలోనే ఉండిపోతుంది.

సీసా మీది ప్లాస్టిక్ మూత తీసేయండి. కింద రబ్బరు బిరడా కనిపిస్తుంది. దాని మధ్యలో సూది గుచ్చి నీళ్లన్నీ లోపలికి నెట్టండి. సూది తీయకుండానే సీసాను వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. గిలకొడితే నురగ వస్తుంది. పొడి కరిగి ద్రవం నీళ్లంత తేటగా అవ్వాలి. మబ్బుగానో జిగురుగానో ఉంటే వాడవద్దు. సీసాను తలకిందులు చేసి, సూది మొన ద్రవంలోనే ఉండేలా చూసుకుంటూ మొత్తం లాగండి. సిరంజిలోని గాలిని పైకి నెట్టేయండి. పెద్దవారికి, 25 కిలోలు దాటిన పిల్లలకు మొత్తం 1 మిల్లీలీటరు, అంతకన్నా తక్కువ బరువున్న పిల్లలకు సగం. కొన్ని కిట్లలో ఈ హద్దు 20 కిలోలు, కాబట్టి మీ కిట్‌లోని కాగితం ఈ రోజే చదివి డబ్బా మీద పెన్నుతో రాసుకోండి. తొడ మధ్యభాగంలో, బయటివైపు, నిటారుగా గుచ్చి పూర్తిగా నొక్కండి.

ఆ తల్లి సూది వేసేసరికి 2:16. అబ్బాయి కళ్లు తెరిచింది 2:27కి. ఈ పదకొండు నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అందుకే గడియారం చూడాలి. పదిహేను నిమిషాలైనా చలనం లేకపోతే, రెండో కిట్ ఉంటే వేయండి. గ్లూకగాన్ తానుగా చక్కెర కాదు, కాలేయంలో దాచిన చక్కెరను బయటికి పంపమని చెప్పే హార్మోను. ఆ నిల్వే లేకపోతే, అంటే రోజంతా పస్తున్నవారిలో, బాగా మద్యం తాగినవారిలో, అది సరిగా పనిచేయదు. వారికి సెలైన్ ద్వారా గ్లూకోజ్ ఎక్కించాల్సిందే.

కళ్లు తెరిచిన నాలుగు నిమిషాలకు అబ్బాయికి వాంతి అయింది. ఇది మందు వల్ల మామూలుగా జరిగేదే. వికారం తగ్గి, మాటకు సరిగా బదులిచ్చి, గుటక వేయగలిగాకే చక్కెర నీళ్లు ఇచ్చారు, తర్వాత రెండు ఇడ్లీలు. ఈ తిండి మానకూడదు. మందు ప్రభావం గంటా గంటన్నరలో తగ్గిపోతుంది, ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, కాలేయం ఖాళీ అయి ఉంటుంది. అందుకే మొదటి గంట పావుగంటకోసారి, ఆపైన తెల్లవారేదాకా గంటకోసారి మీటరు చూశారు. పొద్దున ఇన్సులిన్ ఎంత వేయాలో డాక్టరును అడిగాకే వేశారు.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడే పెద్దవారైతే, లేచి కూర్చుని కబుర్లు చెబుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది కాబట్టి షుగరు మళ్లీ పడిపోవచ్చు.

మన ఊరి ఎండల్లో కిట్‌ను స్కూటర్ డిక్కీలో ఉంచవద్దు. గడువు దాటిన కిట్‌ను పారేయకుండా అభ్యాసానికి వాడండి. పొడి కలిపి, ఒక బత్తాయికి గుచ్చి చూడండి. వచ్చే పాఠానికి మీ కిట్ గడువు తేదీ, ఇంట్లో దాన్ని ఉంచిన చోటు రాసుకుని రండి.