లేత్ మిషన్‌ని కేటలాగ్ ఫొటో తీసే ముందు

కొత్త లేత్‌కి ఫొటో తీయాలన్నప్పుడు అందరి దృష్టీ ముందు లైటింగ్ మీదకి పోతుంది. నేను మాత్రం మొదట ఫొటోగ్రాఫర్ మెడ చూస్తాను. కెమెరా బెల్టు మెడలో వేలాడుతుంటే, పని ముక్కని పట్టి తిప్పే చక్ దగ్గరకి వంగి క్లోజప్ తీసేటప్పుడు అది సరిగ్గా తిరిగే భాగాల పైకి వస్తుంది. తిరిగే చక్‌కి బెల్టు కొస అందితే చాలు, మిగతాది అదే లాక్కుంటుంది. బెల్టు విప్పి పక్కన పెట్టించి, కెమెరాని స్టాండ్ మీదకి ఎక్కించాకే పని మొదలుపెట్టాలి. మెరుపు తగ్గించడానికి కట్టే తెల్ల గుడ్డలకీ, నేల మీద పరిచే లైట్ల వైర్లకీ ఇదే వర్తిస్తుంది. ఏ గుడ్డ అంచూ గాలికి ఎగిరి మిషన్ దాకా రాకూడదు.

ఫొటోలో మిషన్ ఆగి ఉండాలంటే స్టాప్ బటన్ నొక్కితే సరిపోదు. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, దానికి తాళం వేసి, తాళంచెవి ఆపరేటర్ జేబులో పెట్టుకోవాలి. ఆ తర్వాత స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడాలి. మిషన్ కదలకపోతేనే మనిషిని పక్కన నిలబెట్టాలి. ఇంత చాదస్తం ఎందుకంటే, షూటింగ్ రోజున మిషన్ చుట్టూ దాని సంగతి తెలియని వాళ్లే ఎక్కువ. చక్‌ని తిప్పే స్పిండిల్‌ని నడిపే లివర్‌ని హ్యాండిల్ అనుకుని ఆనుకునేవాళ్లు ఉంటారు.

ఇక ఆపరేటర్ వేషం. ఒకసారి మార్కెటింగ్ వాళ్లు సేఫ్టీ కనబడాలని కొత్త తెల్ల గ్లౌజులు, మెడలో ఐడీ కార్డు, చేతికి మంచి వాచీ తెచ్చి మా కుర్రాడికి తొడిగారు. ఫొటోలో చాలా నీట్‌గా ఉన్నాడు. కానీ లేత్ పని తెలిసినవాడికి ఆ బొమ్మ చూస్తే వెన్నులో వణుకు పుడుతుంది. తిరిగే జాబ్, అంటే చక్‌లో బిగించిన పని ముక్క, గ్లౌజు దారాన్ని పట్టుకుంటే వేలిని వదలదు, చేతిని లోపలికి లాగుతుంది. అందుకే లేత్ నడిపేటప్పుడు గ్లౌజులు వేసుకోరు. ఉండాల్సినవి పక్కల కూడా మూసి ఉన్న కళ్లద్దాలు, మోచేతి పైకి మడిచిన లేదా మణికట్టుకి బిగుతుగా ఉన్న చొక్కా చేతులు, టక్ చేసిన చొక్కా, గట్టి బూట్లు. ఉంగరం, వాచీ, దండ, లాన్యార్డ్ ఏదీ వద్దు. గ్లౌజులే కావాలని పట్టుబడితే మిషన్ ఆపి, కోసిన లోహపు తురుము పడే చిప్స్ ట్రే శుభ్రం చేస్తున్న ఫొటో వేరేగా తీయండి, అక్కడ అవి సబబే. ఆ ఫొటోలోనూ చిప్స్‌ని చేత్తో లాగుతున్నట్టు కాకుండా కొక్కెంతో తీస్తున్నట్టు చూపించాలి.

తర్వాత చక్‌ని బిగించే చక్ కీ. ఇది చక్‌లో గుచ్చి ఉంటే ఫొటో చూడ్డానికి బాగుంటుంది, నిండుగా కనబడుతుంది. అదే అన్నిటికన్నా చెడ్డ వివరం. కీ అలా ఉండగా మిషన్ ఆన్ చేస్తే అది మనిషి మీదకే ఎగురుతుంది. ఫ్రేములో కీ కావాలంటే దాని హోల్డర్‌లో ఉండాలి. బెడ్ మీద మాత్రం కీ, వెర్నియర్, స్పానర్ ఏవీ పెట్టకూడదు. బెడ్ మీద టూల్ జరిగే పట్టాలు, అదే స్లైడ్‌వేస్ మీద గీత పడితే అది క్లోజప్‌లో ముందు కనబడుతుంది.

శుభ్రం చేయడంలో మరీ ఉత్సాహం వద్దు. మెరవాలని స్లైడ్‌వేస్ మీద ఎమరీ పేపరు రుద్దినవాళ్లని చూశాను. అలా రుద్దితే మిషన్ ఆక్యురసీనే రుద్దేసినట్టు. మెత్తని గుడ్డతో తుడిచి పలచగా ఆయిల్ రాస్తే చాలు. ఆ మెరుపు కెమెరాని ఇబ్బంది పెడుతుంది, కానీ నేరుగా లోహం మీద పడిన మెరుపుకి పోలరైజర్ ఫిల్టర్ పెద్దగా పనిచేయదు. లైటు ముందు పెద్ద తెల్ల తెర పెట్టి మెత్తబరచడమే దారి. చక్ గార్డు పారదర్శకంగా లేకపోతే ఫొటో కోసం దాన్ని ఊడదీయకండి, గీతలు పడితే కొత్తది వేయించండి. తుడవడానికి సబ్బు నీళ్లు వాడాలి. థిన్నర్, అసిటోన్ తగిలితే పాలికార్బొనేట్ గార్డు సన్నని పగుళ్లు తీస్తుంది, పైకి బాగానే ఉన్నా దెబ్బ తట్టుకోదు.

ఇప్పుడు పెద్ద ప్రశ్న, చక్ తిరుగుతున్నట్టు ఉండాలా, ఆగి ఉన్నట్టా? చక్ కదలకుండా స్పష్టంగా ఉండి, టూల్ జాబ్‌ని తాకుతూ, చిప్స్ ఎగురుతూ ఉంటే అది అబద్ధమని చూడగానే తెలుస్తుంది. ఆగి ఉంటే ఆగిన పనే చూపించండి. మిషన్ ఆపి, టూల్ వెనక్కి తీసి, ఆపరేటర్ వెర్నియర్‌తో జాబ్ కొలుస్తున్న దృశ్యం నిజంగా ఉంటుంది, చేతులు కూడా ఉండాల్సిన చోటే ఉంటాయి.

తిరుగుతున్న ఫొటో కావాలంటే అది విడిగా, ఎవరూ దగ్గర లేకుండా, రిమోట్‌తో తీయాలి. చక్ ఖాళీగా తిప్పకూడదు. 40 మి.మీ. కడ్డీ ఒకటి గట్టిగా బిగించి, చక్ బయటికి 120 మి.మీ. మించకుండా ఉంచండి. కడ్డీ రెండో కొసని పట్టే టెయిల్‌స్టాక్ ఆసరా లేనప్పుడు వ్యాసానికి మూడు రెట్ల పొడవు సురక్షితమైన లెక్క. స్పిండిల్‌ని 200 ఆర్‌పీఎంలో తిప్పితే సెకనుకి 3.3 చుట్లు అవుతాయి. షట్టర్ సెకనులో పదో వంతు తెరిస్తే చక్ మూడో వంతు చుట్టు, అంటే 120 డిగ్రీలు తిరుగుతుంది. జాబ్‌ని పట్టే దవడలు, అంటే జాలు, మూడున్న చక్‌లో ఒక జా పక్క జా స్థానానికి చేరే దూరం అది. జాలు ఒకే పొగలాగా కలిసిపోతాయి, మిగతా మిషనంతా స్పష్టంగా ఉంటుంది. దీనికి వేగం పెంచాల్సిన పని లేదు. ఈ ఫొటోలో ఫ్లాష్ వాడకండి, వాడితే చక్ గడ్డకట్టినట్టు వస్తుంది. స్టాండ్ కూడా చక్‌కి ఎదురుగా కాకుండా టెయిల్‌స్టాక్ వైపు వారగా పెట్టాలి, ఏదైనా ఊడి ఎగిరితే వచ్చేది చక్‌కి ఎదురుగానే.

ఆ చోట పాత చోక్ ట్యూబ్ లైట్లుంటే ఇంకో చిక్కు. 50 హెర్ట్జ్ కరెంటులో అవి సెకనుకి 100 సార్లు మినుకుతాయి. మూడు జాల చక్ 2000 ఆర్‌పీఎంలో తిరిగినా, నాలుగు జాలది 1500లో తిరిగినా, సెకనుకి సరిగ్గా 100 జాలు ఒకే చోటు దాటతాయి. అప్పుడు చక్ దాదాపు ఆగిపోయినట్టు కంటికి కనబడుతుంది. ఫొటో పాడైతే మళ్లీ తీసుకోవచ్చు, ఆగిందనుకుని చెయ్యి పెడితే కథ వేరు. మిషన్ దగ్గర వేరే రకం లైటు కూడా వెలిగించి ఉంచండి.

టూల్ బిగించాక దాని కొనని టెయిల్‌స్టాక్ సెంటర్ కొనకి ఆనించి చూడండి, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. టూల్ ఆపరేటర్ వైపు, కట్టింగ్ అంచు పైకి ఉండాలి. జాబ్ పై భాగం ఆపరేటర్ వైపు తిరుగుతూ టూల్ మీదకి దిగాలి. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ దాని వెనకున్న పసుపు రంగుతో సహా ఫ్రేములో పడాలి, గుడ్డ, మనిషి ఏదీ అడ్డు రాకూడదు. కింద ఫుట్ బ్రేక్ ఉంటే దాని ముందు నేల కూడా ఖాళీగా ఉండాలి.

ప్రింటుకి పంపే ముందు డిజైనర్ దగ్గర కూర్చుని ఒక్క సంగతి చూసుకోండి. పేజీ అమరికకి బాగుంటుందని వాళ్లు బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. మిషన్ ముందు నిలబడి చూస్తే చక్ ఉండే హెడ్‌స్టాక్ ఎడమ చేతి వైపు, టెయిల్‌స్టాక్ కుడి వైపు ఉండాలి. అటూ ఇటూ అయితే అలాంటి లేత్ ఎవరూ చూసి ఉండరు. అనుమానం వస్తే డయల్ మీద అంకెలు చదవండి, తిరగబడితే అక్కడే తెలిసిపోతుంది.