పరీక్షలకు పదాల పట్టిక ఎలా తయారు చేసుకోవాలి?

శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణ. భూగోళంలో ఈ మూడు పదాలూ పిల్లలకు కంఠతా వస్తాయి. పరీక్షలో మాత్రం ఒకదాని నిర్వచనం ఇంకొకదానికి రాసి వస్తారు. విశాఖలో ట్యూషన్ చెబుతూ ఏటా ఇది చూస్తున్నాను. పట్టిక రాసుకున్న పిల్లలూ తడబడుతున్నారంటే, లోపం పట్టిక రాసిన తీరులోనే ఉంది.

మొదట పదాలను ఎంచుకోండి. పాఠంలో వచ్చిన వరుసలో రాయవద్దు. ఒకదానితో ఒకటి కలగాపులగమయ్యే పదాలను వెతికి పక్కపక్క వరుసల్లో పెట్టండి. పేజీకి ఎనిమిది పదాలు మించకపోతే మంచిది.

తరువాత నిర్వచనం. పుస్తకం మూసి, ఒక్క వాక్యంలో సొంతంగా రాయండి. ఆపైన పుస్తకంతో సరిచూసుకోండి. ఆ పదాన్ని పక్కదాని నుంచి వేరుచేసే మాట ఏదో గుర్తించి దాని కింద గీత గీయండి. కింది పట్టికలో ఆ మాటలను మందపాటి అక్షరాల్లో చూపించాను.

| పదం | నిర్వచనం | ఉదాహరణ |
|---|---|---|
| శైథిల్యం | రాయి **ఉన్నచోటే** పగిలి, పొడి కావడం | విశాఖ కొండల్లోని ఖొండలైట్ రాయి ఎండవానలకు గుల్లబారడం |
| క్రమక్షయం | నీరు, గాలి వంటివి నేలను **కోసి తీసుకుపోవడం** | ఎర్రమట్టి దిబ్బల్లో వాననీరు కోసిన గండ్లు |
| నిక్షేపణ | తెచ్చిన పదార్థాన్ని **వదిలిపెట్టడం** | బొర్రా గుహల్లో కారే నీరు వదిలిన సున్నం పేరుకుని ఊడల్లా వేలాడటం |

ఉదాహరణ దగ్గర తొందరపడవద్దు. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ఒకసారి ఒక అమ్మాయి క్రమక్షయానికి ‘ఎర్రమట్టి దిబ్బలు’ అని రాసింది. పక్కనున్న అబ్బాయి అదే పేరు నిక్షేపణకు రాశాడు. ఇద్దరూ వాదులాడుకున్నారు. నిజానికి ఇద్దరిదీ సరైనదే. భీమిలి దగ్గరి ఆ దిబ్బల్లోని ఇసుక ఒకప్పుడు పేరుకున్నది కాబట్టి అది నిక్షేపణ. తరువాత వాననీరు ఆ ఇసుకను కోయడంతో ఏర్పడిన లోయలు క్రమక్షయం. ఊరి పేరో, చోటి పేరో ఒక్కటే రాస్తే ఉదాహరణ రెండు వరుసలకూ సరిపోతుంది, దేన్నీ గుర్తుచేయదు. అక్కడ ఏం జరుగుతోందో రాయాలి. మీరు గీత గీసిన మాట ఆ ఉదాహరణలో కంటికి కనిపించాలి. కనిపించకపోతే ఉదాహరణ మార్చండి.

చివరగా పరీక్షించుకోండి. మొదటి రెండు గడులను కాగితంతో మూసి, ఉదాహరణ మాత్రమే చదివి పదాన్ని, నిర్వచనాన్ని చెప్పండి. పదం చూసి నిర్వచనం అప్పజెప్పడం కంటే ఇది కష్టం, అందుకే ఇది చేయాలి. తప్పిన వరుస పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి, మర్నాడు, మూడో రోజు, వారం తరువాత మళ్లీ చూడండి. మూడు చుక్కలు పడిన వరుసను ఇంకోసారి బట్టీ పట్టవద్దు. దాన్ని పూర్తిగా కొట్టేసి, కొత్త ఉదాహరణతో తిరిగి రాయండి.