చనిపోయినవారి జీమెయిల్, ఫేస్‌బుక్ ఖాతాలు ఎలా మూసేయాలి? ముందు సిమ్ మాత్రం తీయకండి

హన్మకొండలో మా చిన్నాయన దినాలైన మర్నాడే చిన్నమ్మ ఆయన ఫోన్ నా చేతికిచ్చి, "నంబర్ ఇంకెందుకు బిడ్డా, బంద్ చేపియ్యి" అంది. నెలనెలా రీఛార్జి దండగ అని ఆమె లెక్క. చాలా ఇళ్లలో మొదట జరిగే పని ఇదే, తర్వాత తల పట్టుకునేదీ దీని గురించే. ఆ నంబర్‌కే జీమెయిల్ ఓటీపీ వస్తుంది, ఫేస్‌బుక్ కోడ్ వస్తుంది, బీమా వాళ్ల మెసేజీలు వస్తాయి. రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత టెలికాం కంపెనీ కొత్త వాళ్లకు ఇస్తుంది. అప్పుడు మన ఓటీపీలు ఎవరి ఫోన్‌లోనో మోగుతాయి. కనుక అన్నీ ముగిసేదాకా చిన్న రీఛార్జి వేస్తూ ఉండండి.

మొదట మరణ ధ్రువీకరణ పత్రం

ఏ ప్లాట్‌ఫామ్ అయినా అడిగే మొదటి కాగితం ఇది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆస్పత్రిలో పోతే సమాచారం ఆస్పత్రి వాళ్లే పంపుతారు. ఇంట్లో పోతే మనమే చెప్పాలి, నగరంలో అయితే కార్పొరేషన్‌కు, ఊళ్లో అయితే గ్రామ పంచాయతీకి. నమోదయ్యాక కాపీలు మీసేవలో తీసుకోవచ్చు.

నమోదు చేయించేటప్పుడు పేరు అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సర్టిఫికెట్‌లో ఇంగ్లిష్ కూడా ఉంటే మేలు. తెలుగులో మాత్రమే ఉంటే గూగుల్‌కు ఇంగ్లిష్ అనువాదం, నోటరీ ముద్రతో సహా జతచేయాల్సి వస్తుంది.

తర్వాత మెయిల్‌లో వెతుకులాట

జీమెయిల్‌ను ముందుగా మూసేయడం రెండో పెద్ద పొరపాటు. మిగతా ఖాతాల జాడలన్నీ అందులోనే ఉంటాయి. చిన్నాయన ఫోన్ లాక్ చిన్నమ్మకు తెలుసు, జీమెయిల్ కూడా అందులో తెరిచే ఉంది. అందరం కూర్చొని మాట్లాడుకున్నాకే మెయిల్ చూశాం. "premium", "statement", "subscription" అని ఒక్కొక్కటిగా వెతికాం. ఇంట్లో ఎవరికీ తెలియని ఒక బీమా పాలసీ రసీదు అందులోనే దొరికింది. ఫోటోలను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాం. మొత్తం డేటా ఒకేసారి కావాలంటే ఖాతా తెరిచి ఉన్న ఫోన్‌లోనే takeout.google.com నుంచి దింపుకోవచ్చు. డౌన్‌లోడ్ లింకు దాదాపు వారం రోజులే పనిచేస్తుంది కాబట్టి వచ్చిన రోజే తీసుకోండి.

ఒక్క గీత మాత్రం దాటొద్దు. అదే ఫోన్‌లో ఉన్న ఫోన్‌పే, గూగుల్‌పే తెరిచి ఆయన ఖాతా నుంచి డబ్బు పంపుకోవద్దు. ఆ డబ్బు నామినీగానో వారసులుగానో బ్యాంకుకు వెళ్లి తీసుకోవాల్సిందే. లేకపోతే అన్నదమ్ముల మధ్య తగాదాకు అదే మొదలవుతుంది.

ఫోన్ తెరుచుకోకపోతే

అప్పుడు గూగుల్ సహాయ పేజీలో "Submit a request regarding a deceased user's account" అనే ఫారం నింపాలి. అందులో ఖాతా మూసేయాలా, డేటా కావాలా, ఖాతాలో ఉన్న డబ్బు కావాలా అని అడుగుతుంది. చనిపోయినవారి పేరు, ఈమెయిల్, చనిపోయిన తేదీ, మీ చిరునామా ఇచ్చి, మీ గుర్తింపు కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం స్కాన్ చేసి పెట్టాలి. జవాబు మీ సొంత మెయిల్‌కు వస్తుంది.

పాస్‌వర్డ్ మాత్రం గూగుల్ ఎవరికీ ఇవ్వదు, భార్య అడిగినా సరే. మెయిల్స్, ఫోటోలు కావాలంటే తొలి పరిశీలన దాటాక అమెరికా కోర్టు ఉత్తర్వు కూడా అడగవచ్చు. వరంగల్‌లో కూర్చొని అంత దూరం వెళ్లేవాళ్లు తక్కువే. అందుకే తెరిచి ఉన్న ఫోన్ దొరికితే దాన్ని రీసెట్ చేయకుండా ఉండటమే అన్నిటికన్నా తెలివైన పని. మా మేనల్లుడు దాన్ని ఫార్మాట్ చేసి వాడుకుందామని అప్పటికే చూస్తున్నాడు.

ఫేస్‌బుక్: ఉంచాలా, తీసేయాలా?

ఇక్కడ రెండు దారులున్నాయి. "Memorialization Request" పంపితే పేరు పక్కన "Remembering" అని వస్తుంది. పాత పోస్టులు ఉంటాయి గానీ ఆ ఖాతాలోకి ఇక ఎవరూ లాగిన్ కాలేరు. చనిపోయిన తేదీ చెప్పి, మరణ రుజువుగా సర్టిఫికెట్ గానీ పత్రికలో వచ్చిన శ్రద్ధాంజలి ప్రకటన గానీ పెడితే చాలు. పూర్తిగా తీసేయాలంటే "Special Request" ఫారం ఉంది. దగ్గరి కుటుంబ సభ్యులు మరణ ధ్రువీకరణ పత్రం పెట్టడమే దీనికి తేలిక దారి. అది లేకపోతే వీలునామా లాంటి అధికార పత్రంతో పాటు శ్రద్ధాంజలి ప్రకటన పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తీయించడానికి మీరు చట్టబద్ధమైన ప్రతినిధి అనే రుజువు అడగవచ్చు. దానికి మీసేవ ద్వారా తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకుంటే మంచిది.

చిన్నాయన టీచర్‌గా చేశారు. ఆయన పుట్టినరోజుకు పాత విద్యార్థులు ఏటా రాసేవాళ్లు. తీసేయొద్దని చిన్నమ్మే చెప్పింది.

మేం ఆగిపోయింది మాత్రం పేరు దగ్గర. సర్టిఫికెట్‌లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంది. ప్రొఫైల్‌లోనేమో ఇంటిపేరు లేదు, పిలుపు పేరు పక్కన "సార్" అని ఉంది. పుట్టిన తేదీ కూడా తోచింది పెట్టేశారు. వారం తర్వాత ఒక ప్లాట్‌ఫామ్ నుంచి వివరాలు సరిపోలడం లేదని మెయిల్ వచ్చింది. తప్పు వాళ్లది కాదు, మనవాళ్లు ఆన్‌లైన్‌లో పేర్లు పెట్టుకునే తీరే అంత. రెండోసారి ప్రొఫైల్ లింకును కాపీ చేసి పెట్టాం, ఎందుకంటే ఆ పేరుతో పది మంది ఉన్నారు. పదో తరగతి మెమో, ఆధార్ కాపీ, రెండు పేర్లూ ఒకరివేనని చిన్నమ్మ సంతకంతో నోటరీ అఫిడవిట్ జతచేశాం. ఈసారి పని అయింది. ఆధార్ పెట్టేటప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కప్పేసిన మాస్క్‌డ్ కాపీనే వాడండి.

ఈ రిక్వెస్టులకు ఫీజు లేదు. "మేం మూసేయిస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

వాట్సాప్, చివరికి జీమెయిల్

వాట్సాప్‌కు కాగితాలతో పనిలేదు. దాచుకోవాలనుకున్న చాట్లను "Export chat"తో పంపుకొని, సెట్టింగ్స్‌లో "Delete account" నొక్కితే గ్రూపుల నుంచి కూడా పేరు పోతుంది. ఎవరూ ముట్టకపోతే దాదాపు 120 రోజులకు ఖాతా దానంతటదే తొలగిపోతుంది.

జీమెయిల్‌ను మాత్రం ఆఖరున పెట్టుకోండి. చనిపోయిన ఏడాదికి ఆదాయపు పన్ను రిటర్ను వేయాల్సి ఉంటే, వారసులు ఈ-ఫైలింగ్ సైట్‌లో నమోదై వేయాలి. పాత లెక్కలకు, స్టేట్‌మెంట్లకు ఆ మెయిలే ఆధారం. రెండేళ్లు ఎవరూ వాడకపోతే గూగుల్ ఖాతాను తొలగించవచ్చు కాబట్టి అంతకు మించి వదిలేయకండి. మేం రిటర్ను వేసి, బీమా డబ్బు చిన్నమ్మ ఖాతాలో పడ్డాక ఫారం పంపాం. సిమ్‌ను ఆ తర్వాతే తిరిగిచ్చేశాం.