స్కాన్ పట్టికలో హండ్రెడ్‌వెయిట్, క్వింటాల్, టన్ను కలిసిపోతే: కిలోల్లోకి మార్చడంలో సమస్య - పరిష్కారం

పాత బరువుల పట్టికల్లో సాధారణంగా మూడు ఇరుకు గడులు పక్కపక్కనే ఉంటాయి. వాటి తలపై `cwt`, `qr`, `lb` అని అచ్చువేసి ఉంటుంది. అంటే హండ్రెడ్‌వెయిట్, క్వార్టర్, పౌండ్. బ్రిటిష్ పద్ధతిలో 28 పౌండ్లు ఒక క్వార్టర్, 4 క్వార్టర్లు ఒక హండ్రెడ్‌వెయిట్, అంటే 112 పౌండ్లు. కొన్నిసార్లు అదే పట్టికలో తర్వాతి వరుసలు మెట్రిక్‌లోకి మారిపోతుంటాయి. కింది నమూనాను చివరిదాకా వాడుకుందాం.

| వరుస | హండ్రెడ్‌వెయిట్ | క్వార్టర్ | పౌండ్ |
|---|---|---|---|
| 1 | 12 | 3 | 14 |
| 2 | 9 | 1 | 20 |
| 3 | 15 | 0 | 26 |
| అచ్చులోని మొత్తం | 37 | 2 | 4 |
| 4 | 6.71 | | |

సమస్య: ప్రతి వరుసా కొంత తక్కువగా వస్తోంది, కానీ తేడా ఒక్కో వరుసకు ఒక్కోలా ఉంది

స్కాన్ బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ మూడు గడులను కలిపేసి 12 3 14 ని 12.314 గా ఇచ్చి ఉంటుంది. లేదా టైప్ చేసినవారే అలా చదివి ఉంటారు. 12.314 ని హండ్రెడ్‌వెయిట్ గుణకం 50.80234544 తో గుణిస్తే 625.6 కిలోలు వస్తాయి. అసలు విలువ 654.1. క్వార్టర్ అంటే నాలుగో వంతు, పదో వంతు కాదు. పౌండ్ 112వ వంతు. వీటిని దశాంశాలుగా చదివినప్పుడు తప్పు అన్ని వరుసల్లో ఒకే నిష్పత్తిలో ఉండదు. అందుకే ఒక్క గుణకాన్ని సవరించి దీన్ని సరిచేయలేం.

మూడు అంకెలనూ మూడు గడుల్లోకి విడదీసి, ముందు అన్నిటినీ పౌండ్లలోకి దించాలి. ఆ తర్వాతే కిలోలు. స్ప్రెడ్‌షీట్‌లో A, B, C గడుల్లో మూడు అంకెలు, D లో యూనిట్ పేరు, E లో పౌండ్లు, F లో గుణకం, G లో కిలోలు పెట్టుకోండి.

```
E2: =A2*112+B2*28+C2
F2: 0.45359237
G2: =E2*F2
```

మొదటి వరుస 1344 + 84 + 14 = 1442 పౌండ్లు, అంటే 654.080 కిలోలు. రెండోది 1056 పౌండ్లు, 478.994 కిలోలు. మూడోది 1706 పౌండ్లు, 773.829 కిలోలు. గుణకాన్ని సూత్రంలో దాచకుండా F గడిలో కనిపించేలా ఉంచడం తప్పనిసరి. ఏ వరుసకు ఏ గుణకం వాడారో సూత్రం తెరవకుండానే తెలియాలి.

సమస్య: వరుసలు బాగానే కనిపిస్తున్నాయి, మొత్తం మాత్రం అచ్చులోని మొత్తంతో కలవడం లేదు

మెట్రిక్‌లోకి మార్చకముందే ఈ పరీక్ష చేయాలి. పాత యూనిట్లలోనే కూడి చూడండి. పౌండ్లు 14 + 20 + 26 = 60, అంటే 2 క్వార్టర్లు 4 పౌండ్లు. క్వార్టర్లు 3 + 1 + 0, పైనుంచి వచ్చిన 2 కలిపి 6, అంటే 1 హండ్రెడ్‌వెయిట్ 2 క్వార్టర్లు. హండ్రెడ్‌వెయిట్లు 37. అచ్చులోని 37 2 4 తో సరిపోయింది.

సరిపోకపోతే ముందు ఓసీఆర్‌ను అనుమానించండి. క్వార్టర్ గడిలో 0 నుంచి 3 వరకే, పౌండ్ గడిలో 0 నుంచి 27 వరకే రావాలి. క్వార్టర్ గడిలో 8 కనిపిస్తే అది 3 అయి ఉండే అవకాశం ఎక్కువ. ఈ హద్దులు చాలా తప్పుల్ని పట్టిస్తాయి గానీ అన్నిటినీ కాదు. రెండో వరుసలోని 20 ని 26 గా చదివితే హద్దు దాటదు, మొత్తం మాత్రం 37 2 10 అవుతుంది. తేడా సరిగ్గా 6 పౌండ్లు కాబట్టి 0 కి 6 పడిన గడిని వెతకాలి. స్కాన్ బొమ్మను పెద్దది చేసి చూడకుండా, మొత్తం కలిసేలా అంకెను ఊహతో మార్చకండి.

ఇక్కడే ఇంకో అనుమానం కూడా తీరాలి. అమెరికన్ పద్ధతిలో హండ్రెడ్‌వెయిట్ అంటే 100 పౌండ్లు, క్వార్టర్ 25. అంకెలన్నీ సరిగ్గా చదివినా, 25 చొప్పున ఎగువకు చేరిస్తే మొత్తం 37 2 10 గానే తేలుతుంది. పై తప్పూ ఇదీ ఒకే జవాబు ఇస్తాయన్నమాట! తేల్చేది మూడో వరుస: 25 పౌండ్ల క్వార్టర్ ఉన్న చోట పౌండ్ గడిలో 26 ఉండదు. కాబట్టి ఇది 112 పౌండ్ల హండ్రెడ్‌వెయిట్.

సమస్య: ఒక వరుస దగ్గర విలువలు ఉన్నట్టుండి సగానికి పడిపోయాయి

నాలుగో వరుసలోని 6.71 ని పై శీర్షిక ప్రకారం హండ్రెడ్‌వెయిట్ అనుకుంటే 340.9 కిలోలు. చుట్టూ ఉన్నవి 480 నుంచి 775 వరకు ఉన్నాయి. మెట్రిక్ క్వింటాల్ 100 కిలోలు, హండ్రెడ్‌వెయిట్ 50.8 కిలోలు, రెండింటి నిష్పత్తి 1.968. అందుకే దాదాపు సగం అయినా, దాదాపు రెట్టింపు అయినా ముందు ఈ జంటనే చూడాలి. మూడు గడుల్లో రెండు ఖాళీగా ఉండి, మొదటిదానిలో దశాంశం కనిపించడం ఇంకో గుర్తు. పేజీ అడుగున చుక్క గుర్తుతో ఉన్న చిన్న అక్షరాల వివరణ, పేజీ మారినప్పుడు మారిన శీర్షిక, రెండూ చదవండి.

అది క్వింటాల్ అని పేజీలో ఆధారం దొరికితే D లో క్వింటాల్, E లో 6.71, F లో 100 రాయండి. జవాబు 671 కిలోలు. ఈ వరుసకు పౌండ్ల సూత్రం లాగేయకూడదు. E లో ఉన్నది పౌండ్లు కావని D గడి చెప్పాలి. ఒక జాగ్రత్త: పాత పట్టికల్లో క్వింటాల్ అనే మాట 100 పౌండ్లకూ, 112 పౌండ్లకూ కూడా వాడారు. పేరు ఒకటే కదా అని 100 కిలోలు వేసేయకండి.

సమస్య: కాలమ్ మొత్తం ఒకే నిష్పత్తిలో తప్పు

తేడా దాదాపు 1.6 శాతం ఉంటే బ్రిటిష్ టన్నును మెట్రిక్ టన్నుగా తీసుకున్నారు. 11–12 శాతం ఉంటే బ్రిటిష్, అమెరికన్ టన్నులు తారుమారయ్యాయి. బ్రిటిష్ టన్ను 2240 పౌండ్లు, 1016.047 కిలోలు, అమెరికన్‌ది 2000 పౌండ్లు, 907.185 కిలోలు. రెండింటిలోనూ టన్నుకు 20 హండ్రెడ్‌వెయిట్లే కాబట్టి ఆ 20 చూసి తేల్చలేం. పౌండ్ల నుంచి హండ్రెడ్‌వెయిట్‌కు 112 దగ్గర ఎక్కుతోందా, 100 దగ్గరా అన్నదే తేలుస్తుంది. పౌండ్ల గడి లేకపోతే, వేరే ఆధారమూ దొరక్కపోతే, ఆ కాలమ్‌ను మార్చకుండా "టన్ను ఏదో తేలలేదు" అని రాసి వదిలేయడమే మేలు.

తేడా 0.8 శాతం దగ్గర ఉంటే ఎవరో పౌండ్‌కు 0.45 వాడారు. మన మూడు వరుసల 4204 పౌండ్లు 1906.9 కిలోలకు బదులు 1891.8 అవుతాయి. 0.45359237 అనేది 1959లో ఒప్పుకున్న కచ్చితమైన విలువ, కత్తిరించాల్సిన పని లేదు.

సమస్య: అంతా సరిగ్గా చేసినా చివరి అంకె కలవడం లేదు

మూడు వరుసలను టన్నుల్లో రెండు దశాంశాలకు కుదిస్తే 0.65, 0.48, 0.77, కూడితే 1.90. అసలు మొత్తం 1.907, అంటే 1.91. ముందే కుదించి తర్వాత కూడడం వల్ల వచ్చిన తేడా ఇది. G గడిలో పూర్తి విలువ ఉంచి, చూపించేటప్పుడు మాత్రమే కుదించండి. మూలంలో అతి చిన్న మెట్టు ఒక పౌండ్, అంటే దాదాపు 0.45 కిలో. కాబట్టి కిలోల్లో ఒక దశాంశం చాలు.

పట్టిక కింద పెట్టే గమనిక ఇలా ఉండాలి: "వరుసలు 1–3: 1 హండ్రెడ్‌వెయిట్ = 112 పౌండ్లు, 1 పౌండ్ = 0.45359237 కిలో. వరుస 4: 1 క్వింటాల్ = 100 కిలోలు. కూడిన తర్వాత ఒక దశాంశానికి కుదించాం." మూలంలోని అంకెలున్న A, B, C గడులను చెరపకండి. రేపు గుణకం తప్పని తేలితే F ఒక్కటి మారిస్తే సరిపోతుంది.